మ్యాన్ టు మ్యానా, జోనా: ఆదివారం జట్టు తన డిఫెన్స్‌ను ఎంచుకునే పద్ధతి

హైదరాబాద్‌లో వారాంతాల్లో బాస్కెట్‌బాల్ ఆడే జట్లన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఏడెనిమిది మంది ఉంటారు. ఇద్దరు కాలేజీ జట్టులో ఆడి వచ్చినవాళ్లు, ఒకరు నలభై దాటినవారు, మిగిలినవాళ్లు ఆఫీసు కుర్చీలోంచి నేరుగా కోర్టుకు వచ్చేవాళ్లు. గచ్చిబౌలి వైపో కొండాపూర్ వైపో గంటకింత అని అద్దె కట్టి ఆడతారు కాబట్టి ఆ గంటను ప్రాక్టీసుకు ఖర్చు పెట్టడానికి ఎవరికీ మనసు రాదు. డిఫెన్స్ గురించి మాట వచ్చేది ఎనిమిది పాయింట్లు వెనకబడ్డాక తీసుకున్న టైమవుట్‌లోనే. "జోన్ ఆడదాం అన్నా" అని ఒకరంటారు. అందరూ తలూపుతారు. ఎవరు ఎక్కడ నిలబడాలో అడిగేలోపు విజిల్ పడుతుంది.

ఈ మార్గదర్శి అలాంటి జట్టు కోసం. డిఫెన్స్ రకాలన్నీ ఇక్కడ చెప్పడం లేదు. మామూలు మ్యాన్ టు మ్యాన్ ఒకటి, 2-3 జోన్ ఒకటి, ఈ రెండింటిలో ఏది ఎప్పుడు ఆడాలన్నదే విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ డిఫెన్స్ అయినా ఎక్కడో ఒక చోట ఖాళీ వదులుతుంది. ఏ ఖాళీని మీ జట్టు రెండు నిమిషాల విరామంలో సరిచేసుకోగలదో ఆ డిఫెన్స్‌ను ఎంచుకోవాలి. స్కోరు బోర్డు చూసి ఎంచుకుంటే చాలాసార్లు పొరపాటే జరుగుతుంది. ఎందుకో లెక్కతో కింద చూద్దాం.

మొదటి అడుగు: ఏది ఏమి వదులుతుందో తెలుసుకోవడం

మ్యాన్ టు మ్యాన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ఆటగాడు. అతను ఎటు పోతే మీరూ అటే. దీని మంచి గుణం బాధ్యత స్పష్టంగా ఉండటం: ఏడో నంబర్ షాట్ వేస్తే ఎవరు అడ్డు పడాలో అందరికీ తెలుసు. బయటి నుంచి బాగా వేసే జట్టుకు ఇది కష్టం పెడుతుంది. అయితే ఎదుటి జట్టు మీ అయిదుగురిలో నెమ్మదైనవారిని వెతికి, బంతిని ఆ వైపే తీసుకువెళుతుంది. ఒకసారి డ్రిబుల్‌తో దాటిపోతే మిగిలేది రింగ్ కింద లేఅప్.

2-3 జోన్‌లో మీరు కాచేది మనిషిని కాదు, స్థలాన్ని. ఇద్దరు ముందు, ముగ్గురు వెనక. రింగ్ దగ్గర ఎప్పుడూ జనం ఉంటారు కాబట్టి దూసుకువచ్చేవాడికి దారి దొరకదు. బదులుగా బయటి షాట్ వదులుతారు. మరొకటి కూడా వదులుతారు, దాన్ని చాలామంది లెక్కలో వేయరు: రీబౌండ్, అంటే తప్పిన షాట్ బంతిని పట్టడం. మ్యాన్‌లో మీరు కాచే ఆటగాడు మీ పక్కనే ఉంటాడు, తిరిగి వీపుతో ఆపేస్తే సరిపోతుంది. జోన్‌లో షాట్ వేసే క్షణానికి ఎవరిని ఆపాలో వెతుక్కోవాలి.

ఇక చిన్న లెక్క. మన స్థాయి ఆటలో రింగ్ కింద పది ప్రయత్నాల్లో ఆరు పడతాయనుకుందాం, అంటే 12 పాయింట్లు. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి పదింటిలో మూడు పడితే 9 పాయింట్లు. నాలుగు పడితే 12. అంటే ఎదుటి జట్టు బయటి నుంచి పదికి నాలుగు వేయగలిగితే తప్ప, లేఅప్ బదులు బయటి షాట్ వదలడమే లాభం. పదికి నాలుగు వేసే జట్టు ఆదివారం లీగుల్లో అరుదు. అయినా జోన్ ఆడి ఓడిపోయే జట్లు బోలెడు. కారణం ఆ మొదటి షాట్లలో ఉండదు. తప్పిన షాట్ మళ్లీ వాళ్ల చేతికే చిక్కడంలో ఉంటుంది.

రెండో అడుగు: కోర్టునూ నిబంధనలనూ చూసుకోవడం

ఆట మొదలయ్యే ముందు అయిదు నిమిషాలు దీనికి ఇవ్వండి. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ ఫిబా ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. మూలల్లో మాత్రం సైడ్‌లైన్‌కు 90 సెంటీమీటర్లు లోపలగా నేరుగా పోతుంది కాబట్టి అక్కడ దూరం 6.60 మీటర్లే. 2010కి ముందు ఈ గీత 6.25 మీటర్ల దగ్గర ఉండేది. ఆ రోజుల్లో గీసిన కోర్టును టేపు లేకుండానే గుర్తుపట్టవచ్చు: పెయింట్, అంటే రింగ్ ముందు ఫ్రీ త్రో లైన్ దాకా గీసిన స్థలం, దీర్ఘచతురస్రంగా కాక, బేస్‌లైన్ వైపు వెడల్పుగా, ఫ్రీ త్రో లైన్ వైపు ఇరుకుగా ఉంటుంది. అలాంటి కోర్టులో మూడు పాయింట్ల షాట్ అర మీటరు దగ్గర. జోన్‌కు ఆ మేరకు నష్టం.

వెడల్పు ఇంకా ముఖ్యం. అపార్ట్‌మెంట్ ప్రాంగణంలోనో బడి ఆవరణలోనో వేసిన కోర్టు 15 మీటర్లు ఉండకపోవచ్చు. 13 మీటర్ల వెడల్పే ఉంటే రింగ్ మధ్య నుంచి సైడ్‌లైన్‌కు ఆరున్నర మీటర్లే, అంటే మూలలో మూడు పాయింట్ల షాట్‌కు నిలబడే చోటే లేదు. 2-3 జోన్‌ను విరగగొట్టే ప్రధాన స్థలం మూల. ఆ స్థలమే లేని కోర్టులో జోన్ ఆడకపోతే ఉచితంగా వచ్చే లాభాన్ని వదులుకున్నట్టే.

ఇక నిబంధనలు. "డిఫెన్స్ మూడు సెకన్లు!" అని కోర్టులో ఎవరో ఒకరు అరుస్తారు. టీవీలో ఎన్‌బీఏ చూసి వచ్చిన అలవాటు అది. ఎన్‌బీఏ చాలా దశాబ్దాలు జోన్‌ను నిషేధించి, 2001-02 సీజన్ నుంచి అనుమతించింది. కాకపోతే ఎవరినీ దగ్గరగా కాచకుండా డిఫెండర్ పెయింట్‌లో మూడు సెకన్లకు మించి ఉండకూడదని అప్పుడే షరతు పెట్టింది. ఫిబా నిబంధనల్లో ఆ షరతు లేదు. మూడు సెకన్ల నియమం బంతి ఉన్న జట్టుకే. మీ సెంటర్ పెయింట్ నడుమ ఎంతసేపైనా నిలబడవచ్చు. ఫిబా పద్ధతి అని చెప్పిన టోర్నమెంట్‌లో రెఫరీతో ఈ సంగతి ముందే నిర్ధారించుకోండి.

తర్వాత షాట్ క్లాక్. ఫిబా ఆటలో 24 సెకన్లు. స్థానిక లీగుల్లో చాలాచోట్ల ఆ గడియారమే ఉండదు. గడియారం ఉంటే జోన్ బలపడుతుంది, ఎందుకంటే ఓపికగా బంతి తిప్పేంత సమయం ఎదుటివారికి ఉండదు. గడియారం లేకపోతే ఆధిక్యంలో ఉన్న జట్టు జోన్ ముందు నిలబడి నింపాదిగా పాస్‌లు ఇచ్చుకుంటూ కాలం గడిపేస్తుంది, మీరు చూస్తూ ఉండాలి. టీమ్ ఫౌళ్ల సంగతి కూడా అడగండి. ఫిబా పద్ధతిలో ఒక క్వార్టర్‌లో అయిదో ఫౌల్ నుంచి ఎదుటివారికి రెండు ఫ్రీ త్రోలు వస్తాయి. అయిదు వ్యక్తిగత ఫౌళ్లు చేసినవారు ఆట నుంచి తప్పుకోవాలి. ఏడుగురితో వచ్చిన జట్టుకు ఇది చిన్న విషయం కాదు. మ్యాన్ ఆడుతూ కాళ్లు అలసిపోయినవారు చేతులతో ఆపడం మొదలుపెడతారు, ఫౌళ్లు అక్కడే పెరుగుతాయి.

మూడో అడుగు: మ్యాన్ టు మ్యాన్‌లో కనీసం నేర్వాల్సింది

జోన్ ఆడాలని నిశ్చయించుకున్న జట్టు కూడా ముందు దీన్నే నేర్చుకోవాలి. బంతి ఉన్నవాడి ముందు నిలబడటం, దూరంగా ఉన్నప్పుడు లోపలికి జరగడం తెలియనివారికి జోన్ కూడా పనిచేయదు.

నియమం ఒకటే. మీవాడు, అంటే మీరు కాచే ప్రత్యర్థి, బంతికి ఎంత దూరంలో ఉంటే మీరు అతనికి అంత దూరంగా, రింగ్‌కు అంత దగ్గరగా ఉండాలి. మీవాడి దగ్గర బంతి ఉంటే చేయి చాచితే తగిలేంత దూరం. ఒక పాస్ దూరంలో ఉంటే ఒక అడుగు లోపలికి, బంతి వైపు జరగాలి. రెండు పాస్‌ల దూరంలో ఉంటే ఒక కాలు పెయింట్‌లో. ఎక్కడున్నా బంతీ మీవాడూ ఇద్దరూ తల తిప్పకుండా కనిపించాలి. ఆదివారం జట్లలో ఎక్కువ లేఅప్‌లు ఇక్కడే పోతాయి: అవతలి మూలన ఉన్నవాడిని అతుక్కుని నిలబడి, "నావాడు వేయలేదు కదా" అనేవారు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. అతనివాడు వేయలేదు, నిజమే. సాయానికి రాకుండా నిలబడింది మాత్రం అతనే.

దీనికి సాధన నలుగురికి నలుగురు. ఎదుటి నలుగురు మూడు పాయింట్ల గీత చుట్టూ నిలబడి పాస్‌లు ఇచ్చుకుంటారు, షాట్ వేయరు. ప్రతి పాస్ తర్వాత బంతిని ఒక సెకను ఆపుతారు. ఆ సెకనులో నలుగురు డిఫెండర్లూ తమ చోటుకు చేరారా లేదా అన్నది బయట నిలబడ్డ ఒకరు చూసి చెబుతారు. బంతి గాల్లో ఉండగానే కదలాలి, చేతికి అందాక కదిలితే ఆలస్యమే. పది నిమిషాలు చాలు. రెండో వారం నుంచి ఒకరికి డ్రిబుల్ చేసే అనుమతి ఇవ్వండి.

స్క్రీన్‌కు, అంటే ప్రత్యర్థి ఒకరు మీ దారికి అడ్డంగా నిలబడటానికి, ఒకే ఒక ఒప్పందం పెట్టుకోండి, ఎక్కువ పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండవు. ఎత్తు సమానంగా ఉన్న ఇద్దరి మధ్య స్క్రీన్ వస్తే ఆటగాళ్లను మార్చుకోవాలి. ఎత్తులో తేడా ఉంటే మార్చుకోకుండా స్క్రీన్ వెనక నుంచి దాటి రావాలి. స్క్రీన్ వస్తోందని అరిచే బాధ్యత స్క్రీన్ పెడుతున్నవాడిని కాచే మనిషిది. నోరు విప్పని జట్టుకు మ్యాన్ టు మ్యాన్ అచ్చిరాదు.

నాలుగో అడుగు: 2-3 జోన్‌ను సరిగ్గా నిలబెట్టడం

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళదాం. జోన్ అంటే నిలబడి చేతులెత్తడం అనుకునేవారే ఎక్కువ.

రింగ్‌కు వీపు పెట్టి నిలబడ్డ మనవాళ్ల ఎడమ, కుడి ప్రకారం పేర్లు పెట్టుకుందాం: పై ఎడమ, పై కుడి, వెనక ఎడమ, నడుమ, వెనక కుడి. పై ఇద్దరు చురుకైన కాళ్లవాళ్లు. నడుమ ఎత్తైనవాడు, మాట్లాడేవాడు. వెనక ఎడమ, కుడి చోట్లలో పొట్టివారినో సోమరులనో దాచిపెట్టడం ఆనవాయితీ. అది సరికాదు. మూలకు పరుగెత్తేదీ, రీబౌండ్ పట్టేదీ వాళ్లే. నెమ్మదైనవారిని దాచాలంటే పై ఇద్దరిలో ఒకరిగా పెట్టి, రెండోవాడిగా మీ జట్టులో అందరికంటే వేగమైనవాడిని పెట్టడం మేలు.

బంతి నడిమధ్యన పైన ఉన్నప్పుడు పై కుడి బంతి మీదికి వెళ్లాడనుకుందాం. పై ఎడమ కిందికి దిగి ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడాలి. ఇద్దరూ ఒకే వరుసలో బంతి మీదికి వెళితే వాళ్ల మధ్యనుంచి పాస్ నేరుగా ఫ్రీ త్రో లైన్‌కు పోతుంది, జోన్ అక్కడే చీలుతుంది.

ఇప్పుడు బంతి ఎడమ వింగ్‌కు, అంటే మధ్యకూ మూలకూ నడుమ ఉన్న చోటుకు, పోయింది. ఇది సులువు: పై ఎడమ బయటికి వెళతాడు, పై కుడి అతని స్థానంలో ఫ్రీ త్రో లైన్‌కు దిగుతాడు. అదే బంతి కుడి వింగ్‌కు పోతే చిక్కు వస్తుంది. పై కుడి అప్పటికే మధ్యలో బంతి మీద ఉన్నాడు, వింగ్‌కు చేరేసరికి షాట్ పడిపోతుంది. అందుకని వెనక కుడి ముందుకు పరుగెత్తి ఆ షాట్‌ను ఆపాలి. ఆపి, పై కుడి చేరేదాకా అక్కడే ఉండాలి. పై కుడి వస్తూనే "దిగు" అని గట్టిగా అరవాలి, ఆ మాట విన్నాకే వెనక కుడి తన చోటుకు వెనుదిరగాలి. ఆ రెండు సెకన్లూ నడుమవాడు కుడి వైపు బ్లాక్ మీదికి, అంటే రింగ్ పక్కన పెయింట్ అంచుకు, జరిగి ఖాళీని కాపాడాలి. ఈ ఒక్క మార్పిడి కుదిరితే జోన్ కుదిరినట్టే. కుదరలేదని ఎలా తెలుస్తుంది? వింగ్‌లో బంతి ఉన్నప్పుడు మనవాళ్లు ఇద్దరు ఒకే మనిషి మీద ఉండటమో, ఒక్కరూ లేకపోవడమో కనిపిస్తుంది.

వెనక కుడి ముందుకు వచ్చి ఉండగానే బంతి మూలకు పోతే? అతనే వెనుదిరిగి చేయెత్తి పరుగెత్తాలి. ఆలస్యంగా చేరతాడు. ఫరవాలేదు. ఆ షాట్ మనం వదలడానికి ఒప్పుకున్న షాటే. నడుమవాడు కంగారుపడి మూలకు పరుగెత్తితే మాత్రం రింగ్ ఖాళీ అవుతుంది. లేఅప్ వదలడానికి మనం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

బంతి మూలలో నిలదొక్కుకున్నాక: వెనక కుడి బంతి మీద, నడుమవాడు అదే వైపు బ్లాక్ దగ్గర, వెనక ఎడమ రింగ్ ముందుకు, పై కుడి వింగ్‌కు తిరుగు పాస్ పోకుండా మధ్యలో, పై ఎడమ ఫ్రీ త్రో లైన్ మీద. అయిదుగురూ కదలాలి. వెనక ఎడమ కదలకుండా తన చోటులోనే ఉంటే రింగ్ ముందు ఖాళీ పడుతుంది.

ఫ్రీ త్రో లైన్‌లో బంతి అందుకున్న ఎదుటి ఆటగాడే జోన్‌కు అసలు శత్రువు. అక్కడి నుంచి అతను వేసే షాట్‌కు భయపడకండి, అక్కడి నుంచి కిందికి ఇచ్చే పాస్‌కు భయపడండి. నడుమవాడు ఒక్క అడుగు ముందుకు వేసి చేతులెత్తాలి. పై ఇద్దరూ వెనక నుంచి దగ్గరకు చేరి బంతిని తట్టడానికి ప్రయత్నించాలి. వెనక ఇద్దరూ రింగ్ వదలకూడదు.

చివరిగా రీబౌండ్. షాట్ వేయగానే వెనక ముగ్గురూ తమ చోటులో ఉన్న ప్రత్యర్థిని వెతికి, అతని మీద వీపు ఆనించాలి. మూల నుంచి తప్పిన షాట్ ఎక్కువగా అవతలి వైపుకు పోతుంది కాబట్టి అవతలి వైపు వెనక ఉన్నవాడే అందరికంటే ముందు తిరగాలి. పై ఇద్దరిలో ఫ్రీ త్రో లైన్ దగ్గర ఉన్నవాడు దూరంగా ఎగిరే బంతి కోసం అక్కడే ఉండాలి, అప్పుడే ఎదురుదాడికి పరుగు తీయకూడదు.

జోన్ ఆడితే అలసట ఉండదనే మాట సగమే నిజం. బంతికి దూరంగా ఉన్నవారికి కాస్త ఊపిరి అందుతుంది. మే నెలలో, సాయంత్రం అయిదు గంటలకు కూడా సెగలు కక్కే సిమెంటు కోర్టు మీద ఆ ఊపిరికి విలువ ఉంది. వెనక ఇద్దరికి మాత్రం మూలకూ రింగ్‌కూ మధ్య పరుగు మ్యాన్‌లో కంటే తగ్గదు. పది నిమిషాలకు ఒకసారి వాళ్లనే మార్చండి.

అయిదో అడుగు: కాగితం చూసి ఎంచుకోవడం

ముందుగా ఏ డిఫెన్స్‌తో మొదలుపెట్టాలి? తెలియని జట్టు అయితే మ్యాన్‌తో మొదలుపెట్టాలని నా సలహా. ఎవరు షాట్ వేయగలరో, ఎవరు ఎడమ చేత్తో డ్రిబుల్ చేయలేరో మ్యాన్‌లో అయిదారు నిమిషాల్లో బయటపడుతుంది. జోన్‌తో మొదలుపెడితే అది తెలియదు. తెలిసిన జట్టు, వాళ్లకు షూటర్ లేడు, కోర్టు ఇరుకు అయితే మాత్రం మొదటి నుంచీ జోన్ ఆడండి, సంకోచం వద్దు.

బెంచీ మీద కూర్చున్నవారికి ఒక కాగితం ఇవ్వండి. ఎదుటి జట్టుకు బంతి దక్కిన ప్రతిసారీ ఒక గుర్తు: రింగ్ దగ్గరి షాట్, బయటి షాట్, ఫ్రీ త్రో, బంతి పోగొట్టుకోవడం. రీబౌండ్ మళ్లీ వాళ్లకే దొరికితే పక్కన ఒక చుక్క. అంతకు మించి రాయబోతే రాసేవారు ఆట చూడరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి క్వార్టర్ మ్యాన్ ఆడారు. ఎదుటి జట్టుకు 15 సార్లు బంతి దక్కింది. రింగ్ దగ్గర ఏడు షాట్లలో అయిదు పడ్డాయి, 10 పాయింట్లు. మూడు పాయింట్ల షాట్లు నాలుగింటిలో ఒకటి, 3 పాయింట్లు. రెండుసార్లు ఫౌల్ చేసి నాలుగు ఫ్రీ త్రోలు ఇచ్చారు, మూడు పడ్డాయి. రెండుసార్లు బంతి పోగొట్టుకున్నారు. మొత్తం 16.

రెండో క్వార్టర్ జోన్ ఆడారు. 14 సార్లు బంతి దక్కింది. మూడు పాయింట్ల షాట్లు తొమ్మిదింటిలో మూడు, 9 పాయింట్లు. రింగ్ దగ్గర రెండింటిలో ఒకటి, 2 పాయింట్లు. మూడుసార్లు బంతి పోగొట్టుకున్నారు. తప్పిన ఏడు షాట్లలో నాలుగు రీబౌండ్లు వాళ్లకే దొరికి, వాటితో రెండు బుట్టలు, 4 పాయింట్లు. మొత్తం 15.

స్కోరు చూసినవారు 16, 15 అని తేడా లేదంటారు, హాఫ్ టైమ్‌లో తగవు మొదలవుతుంది. కాగితం మరో మాట చెబుతుంది. మ్యాన్‌లో వచ్చిన అయిదు దగ్గరి బుట్టల్లో నాలుగు ఒకే మనిషి తెచ్చినవి. వాళ్ల పాయింట్ గార్డ్ మనవాళ్లలో ఒకరిని దాటిపోతున్నాడు, ఆ ఒకరి స్థానంలో పెట్టడానికి అంతకంటే వేగమైనవారు మన దగ్గర లేరు. ఈ లోపం విరామంలో తీరేది కాదు. జోన్‌లో పోయింది రీబౌండ్. చుక్కలు చూస్తే నాలుగులో మూడు, షాట్ వేసిన వైపుకు అవతల దొరికినవి. అంటే వెనకవాడు తిరగడం లేదు. ఇది ఒక్క మాటతో సరయ్యే లోపం: "షాట్ వేయగానే బంతిని చూడకు, నీ పక్కనున్నవాడిని చూడు." రెండో అవకాశపు నాలుగు పాయింట్లు తీసేస్తే జోన్ 11 దగ్గర నిలుస్తుంది. వాళ్లు బయటి నుంచి వేసింది పదికి మూడున్నర కూడా కాదు, మనం పెట్టుకున్న పదికి నాలుగు హద్దు దాటలేదు. కాబట్టి మూడో క్వార్టర్ జోన్‌లోనే ఉండాలి.

ఇదే కాగితంలో తొమ్మిదింటికి మూడు బదులు తొమ్మిదింటికి అయిదు ఉండి, ఆ అయిదూ ఇద్దరు వేరువేరు మనుషులవి అయితే? అప్పుడు మ్యాన్‌కు తిరిగి రావాలి, ఆ దాటిపోయే గార్డ్‌ను ఆపడానికి మిగతా నలుగురూ పెయింట్‌లో ఒక కాలు పెట్టి సాయం చేయాలి. ఆ అయిదూ ఒకే మనిషివి అయితే మూడో దారి ఉంది: నలుగురు చతురస్రంగా జోన్ ఆడతారు, ఒకరు మాత్రం ఆ షూటర్‌ను నీడలా వెంటాడి బంతే అందనివ్వరు. దీన్ని బాక్స్ అండ్ వన్ అంటారు. ఒక్క షూటర్ మీదే ఆధారపడే జట్టు దీని ముందు తడబడుతుంది. రెండో షూటర్ బయటపడిన మరుక్షణం దీన్ని వదిలేయాలి.

తొమ్మిది షాట్లు చాలా చిన్న లెక్క, అదృష్టం పాలు ఉంటుందని గుర్తుంచుకోండి. అందుకే పడ్డాయా తప్పాయా అన్నదానితో పాటు ఎలా వేశారన్నది కూడా చూడాలి. కాళ్లు కుదురుగా పెట్టి, ముందు ఎవరూ లేకుండా వేసి తప్పిన షాట్ రేపు పడుతుంది. మనవాడి చేయి ముఖం ముందు ఉండగా తడబడి వేసి పడిన షాట్ మళ్లీ పడకపోవచ్చు. రెండు వరస షాట్లు పడగానే "జోన్ వదిలేద్దాం" అని అరిచేవారి మాట వినకండి.

ఆరో అడుగు: ఆట మధ్యలో మార్చడం

పరుగు మధ్యలో మార్చకండి. విజిల్ పడి ఆట ఆగినప్పుడు గానీ, మన ఫ్రీ త్రో పడ్డాక గానీ మార్చాలి, అయిదుగురికీ నిలదొక్కుకునే సమయం ఉంటుంది. సంకేతం ఒక్కరే ఇవ్వాలి: పిడికిలి అంటే జోన్, చాచిన అరచేయి అంటే మ్యాన్. నలుగురు చూశారు, అయిదోవాడు చూడలేదు అన్న పరిస్థితి రాకుండా, సంకేతం చూసిన ప్రతి ఒక్కరూ అదే చేయెత్తి చూపాలి.

మ్యాన్‌లో ఆడుతున్నా, మన రింగ్ కింది బేస్‌లైన్ నుంచి వాళ్లు బంతి వేసేటప్పుడు జోన్‌లో నిలబడటం మంచి అలవాటు. అక్కడ వాళ్లు స్క్రీన్‌ల మీద స్క్రీన్‌లు పెట్టి మనవాళ్లను చిక్కుల్లో వేస్తారు, స్థలాన్ని కాచేవారికి ఆ స్క్రీన్‌లతో పని లేదు. బంతి బయటికి వెళ్లాక మళ్లీ ఎవరివాళ్లను వాళ్లు పట్టుకోవచ్చు. అయితే ఈ మార్పుకు ముందే "నాకు పదకొండు, నీకు నాలుగు" అని పంచుకుని ఉండాలి.

ఎదురుదాడి వచ్చినప్పుడు ఏ డిఫెన్స్ అన్న ప్రశ్నే లేదు. మొదట వెనక్కి చేరినవాడు రింగ్ దగ్గరికి, రెండోవాడు బంతి మీదికి. మిగిలినవారు వచ్చాకే జోనో మ్యానో.

ఇక చివరి రెండు నిమిషాలు. ఆరు పాయింట్లు వెనకబడి, షాట్ క్లాక్ లేని లీగులో ఆడుతూ ఉంటే జోన్ ఎంత బాగా ఆడుతున్నా వదిలేయండి. ఎదుటివారు షాట్ వేయనక్కర లేదు, బంతి పట్టుకుని నిలబడితే చాలు. మ్యాన్‌కు మారి, బంతి ఉన్నవాడిని సైడ్‌లైన్ వైపు నెట్టి, అక్కడ ఇద్దరు చుట్టుముట్టాలి. ఆ ప్రయత్నంలో రెండు మూడు లేఅప్‌లు పోతాయి, దానికి సిద్ధపడే దిగాలి. ఆరు పాయింట్లు ముందున్నారా, అప్పుడు జోన్‌లోనే ఉండండి, మూలల్లోకి మాత్రం మరో అడుగు ముందుగా పరుగెత్తండి. ఆ సమయంలో వాళ్లకు రెండు పాయింట్ల బుట్ట దొరికినా పెద్దగా నష్టం లేదు.